h తగ్గించకుండానే డెరివేటివ్‌ని పదును పెట్టడం: రిచర్డ్‌సన్ ఎక్స్‌ట్రపొలేషన్

ప్రశ్న (ఆమదాలవలస నుంచి, డిగ్రీ విద్యార్థి): మాస్టారూ, ప్రాక్టికల్ రికార్డులో ln x కి x = 3 దగ్గర డెరివేటివ్ కట్టాలి. ఐదు దశాంశాల విలువలే వాడమన్నారు. h చిన్నదయ్యేకొద్దీ జవాబు బాగుపడుతుందని చదువుకున్నాను. కానీ నాకు h = 0.01 దగ్గర 0.3335, 0.001 దగ్గర 0.335, 0.0001 దగ్గర 0.35, 0.00001 దగ్గర ఏకంగా 0.5 వచ్చింది! రిచర్డ్‌సన్ వాడమని ఫ్రెండ్ అన్నాడు. అందులో 4 తో హెచ్చించి 3 తో భాగిస్తారట, ఆ 4, ఆ 3 ఎక్కడివి? వచ్చిన జవాబుని ఎప్పుడు నమ్మొచ్చు?

జవాబు:

మీ లెక్కలు సరిగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. చేయాల్సింది h ని ఇంకా తగ్గించడం కాదు. h ని పెద్దగానే ఉంచి 0.8, 0.4, 0.2 దగ్గర మూడు అంచనాలు కట్టండి. ఆ మూడింటినీ కలిపితే 0.333325 వస్తుంది. అసలు విలువ 0.333333... కాబట్టి తేడా 0.000008 మాత్రమే. h ని సగం చేస్తే సెంట్రల్ డిఫరెన్స్‌లో దోషం నాలుగో వంతుకి పడిపోతుంది, ఆ 4 అక్కడి నుంచి వచ్చింది. దోషం నిజంగానే నాలుగో వంతుకి పడుతోందని మీ అంకెల్లోనే కనబడినప్పుడు మాత్రం ఆ జవాబుని నమ్మండి.

విజయనగరంలో న్యూమరికల్ మెథడ్స్ చెబుతుంటాను. ఈ సందేహం ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ 0.5 ఎలా వచ్చిందో చూద్దాం. ln 3.00001 విలువ ఐదు దశాంశాల్లో 1.09862. ln 2.99999 విలువ 1.09861. రెండింటి తేడా 0.00001. దాన్ని 2h తో, అంటే 0.00002 తో భాగిస్తే 0.5. దగ్గర దగ్గరగా ఉన్న రెండు సంఖ్యల్ని తీసివేసేసరికి ముందున్న అంకెలన్నీ కొట్టుకుపోయి, చివర్లో ఒక్క అంకె మిగిలింది. ఆ ఒక్క అంకె కూడా రౌండింగ్ చేసినది. అసలు తేడా 0.0000067 అయితే మీ చేతికి వచ్చింది 0.00001.

దీన్ని ఒక హద్దుగా రాసుకోవచ్చు. ఐదు దశాంశాలకి రౌండ్ చేసిన ప్రతి విలువలోనూ దోషం గరిష్ఠంగా 0.000005. అలాంటివి రెండు తీసివేసి 2h తో భాగిస్తున్నాం కాబట్టి జవాబులో రౌండింగ్ దోషం 0.000005/h వరకూ ఉండొచ్చు. h = 0.1 అయితే ఇది 0.00005. h = 0.00001 అయితే 0.5! అంటే అక్కడ జవాబు ఏమైనా రావొచ్చు. h తగ్గితే ఫార్ములా వల్ల వచ్చే దోషం తగ్గుతుందన్న పాఠం నిజమే. కానీ అదే సమయంలో ఈ రెండో దోషం పెరుగుతూ ఉంటుంది.

మామూలు సెంట్రల్ డిఫరెన్స్‌తోనే సరిపెట్టుకుంటే ఎంతవరకు వెళ్లగలమో లెక్క కట్టొచ్చు. మీ ఫంక్షన్‌కి ఫార్ములా దోషం సుమారు h²/81. దానికి 0.000005/h కలిపి, మొత్తం అతి తక్కువ ఎక్కడ అవుతుందో చూస్తే h దాదాపు 0.06 దగ్గర ఆగుతుంది. అక్కడ దోషం 0.00013 లోపు ఉంటుందని మాత్రమే హామీ ఇవ్వగలం. అదృష్టం బాగుంటే అంతకన్నా మంచి జవాబు రావొచ్చు గానీ అది హామీ కాదు. h ని ఎంత జరిపినా ఈ గోడ దాటలేం.

ఇప్పుడు ఆ 4, 3 సంగతి. సెంట్రల్ డిఫరెన్స్ ఇది:

D(h) = [f(x+h) − f(x−h)] / 2h

f(x+h), f(x−h) లను టేలర్ శ్రేణిలో విప్పి తీసివేస్తే h² , h⁴ లాంటి సరి ఘాతాల పదాలు రద్దైపోతాయి, బేసి ఘాతాలే మిగులుతాయి. వాటిని 2h తో భాగించాక ఇలా ఉంటుంది:

D(h) = f′(x) + a·h² + b·h⁴ + ...

ఇక్కడ a, b లు h మీద ఆధారపడవు. మీ ఫంక్షన్‌కి a = 1/81, b = 1/1215. మామూలుగా ఈ విలువలు మనకి తెలియవు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. h బదులు h/2 పెడితే:

D(h/2) = f′(x) + a·h²/4 + b·h⁴/16 + ...

రెండో దాన్ని 4 తో హెచ్చించి మొదటిది తీసేయండి. a ఉన్న పదం పోతుంది. ఎడమవైపు 4D(h/2) − D(h), కుడివైపు 3f′(x) మిగులుతాయి. అందుకే 3 తో భాగిస్తాం. చేతితో చేసేటప్పుడు నేను ఈ రూపంలో రాయిస్తాను:

R = D(h/2) + [D(h/2) − D(h)] / 3

ఇలా రాస్తే బ్రాకెట్ పదం ఎంత సవరణ చేస్తోందో కంటికి కనబడుతుంది. అంకెలు కూడా తక్కువ తప్పిపోతాయి.

కొత్త R లో h² పదం లేదు గానీ h⁴ పదం మిగిలే ఉంది. h సగమైతే అది పదహారో వంతుకి పడుతుంది. కాబట్టి రెండు R లను అదే పద్ధతిలో కలిపితే ఈసారి హెచ్చించేది 16, భాగించేది 15. ఆ తర్వాత 64, 63. దారి ఇలాగే సాగుతుంది.

ముందు పూర్తి అంకెలతో పట్టిక. రౌండింగ్ గొడవ లేకుండా పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి ఇది. కంప్యూటర్‌లో కట్టి తొమ్మిది దశాంశాలకి కుదించాను.

| h | D(h) | R₁ (4, 3) | R₂ (16, 15) | R₃ (64, 63) |
|---|---|---|---|---|
| 0.8 | 0.341589816 | | | |
| 0.4 | 0.335329983 | 0.333243372 | | |
| 0.2 | 0.333828482 | 0.333327981 | 0.333333622 | |
| 0.1 | 0.333456872 | 0.333333003 | 0.333333338 | 0.333333333 |

మొదటి నిలువు వరసలో చివరి విలువ మూడు దశాంశాల వరకే నమ్మదగినది. అదే ఎనిమిది లాగ్ విలువల నుంచి, కొత్తగా ఒక్క లాగ్ కూడా చూడకుండా, కుడి చివరికి వచ్చేసరికి తొమ్మిది అంకెలూ 3 లే. ఈ పద్ధతిలో నాకు ఎంతో నచ్చేది ఇదే. అంచనాలు తప్పే, కానీ ఆ తప్పు ఒక క్రమంలో ఉంది. ఆ క్రమమే మనకి కావాల్సిన సమాచారం.

ఇప్పుడు మీ ఐదు దశాంశాలతో. టేబుల్ విలువలు ఇవి: ln 3.8 = 1.33500, ln 2.2 = 0.78846, ln 3.4 = 1.22378, ln 2.6 = 0.95551, ln 3.2 = 1.16315, ln 2.8 = 1.02962.

ఒక్కొక్కటిగా కడదాం.

h = 0.8: 0.54654 / 1.6 = 0.3415875

h = 0.4: 0.26827 / 0.8 = 0.3353375

h = 0.2: 0.13353 / 0.4 = 0.3338250

మొదటి సవరణ, 0.8 నుంచి 0.4 కి: తేడా −0.0062500, దాన్ని 3 తో భాగిస్తే −0.0020833. కాబట్టి R₁ = 0.3332542.

తర్వాతది, 0.4 నుంచి 0.2 కి: తేడా −0.0015125, మూడో వంతు −0.0005042. R₁ = 0.3333208.

ఆఖరిది: రెండు R₁ ల తేడా 0.0000667, దాన్ని 15 తో భాగిస్తే 0.0000044. R₂ = 0.3333253.

| h | D(h) | R₁ | R₂ |
|---|---|---|---|
| 0.8 | 0.3415875 | | |
| 0.4 | 0.3353375 | 0.3332542 | |
| 0.2 | 0.3338250 | 0.3333208 | 0.3333253 |

మధ్యలో ఏడు దశాంశాలు ఉంచానని గమనించండి. టేబుల్ విలువలు ఐదు దశాంశాలవే అయినా, మధ్య లెక్కల్ని కూడా ఐదుకి కుదిస్తే ప్రతి అడుగులోనూ కొత్త రౌండింగ్ చేరుతుంది. ఆ చివరి సవరణ 0.0000044 అసలు కనబడకుండానే పోతుంది. రికార్డుల్లో నాకు ఎక్కువగా తగిలే పొరపాటు ఇదే.

ఇంకో మాట. రెండో సవరణ −0.0005042 అని వచ్చింది కదా. h = 0.2 దగ్గర D లో ఉన్న అసలు దోషం 0.000492. అంటే జవాబు ముందే తెలియకపోయినా దోషం ఎంతుందో ఈ సవరణే దాదాపుగా చెప్పేస్తోంది.

నమ్మాలా వద్దా అన్నది తేల్చేది నిష్పత్తి. మొదటి నిలువు వరసలో వరస తేడాలు తీసుకోండి: 0.0062500, 0.0015125. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.13. ఇది 4 కి దగ్గరగా ఉంది కాబట్టి h² పదమే పెత్తనం చేస్తోందని అర్థం. సవరణ చెల్లుతుంది.

ఇప్పుడు h ని ఇంకా తగ్గిస్తే ఏమవుతుందో చూడండి. అవే ఐదు దశాంశాలు:

| h | D(h) | ముందుదానితో తేడా | నిష్పత్తి |
|---|---|---|---|
| 0.8 | 0.3415875 | | |
| 0.4 | 0.3353375 | 0.0062500 | |
| 0.2 | 0.3338250 | 0.0015125 | 4.13 |
| 0.1 | 0.3334500 | 0.0003750 | 4.03 |
| 0.05 | 0.3333000 | 0.0001500 | 2.5 |
| 0.025 | 0.3334000 | −0.0001000 | −1.5 |

0.1 వరకూ నిష్పత్తి చక్కగా 4 వైపు నడిచింది. 0.05 దగ్గర 2.5 కి జారింది. 0.025 దగ్గర గుర్తే మారిపోయింది. ఫంక్షన్‌లో ఏ లోపమూ లేదు. అక్కడి నుంచి తేడాల్ని పాడుచేస్తున్నది రౌండింగ్. రౌండింగ్ దోషానికి క్రమం ఉండదు కాబట్టి దాన్ని ఏ 4 తోనూ, ఏ 16 తోనూ తీసేయలేం. 0.05 దగ్గర వచ్చిన 0.3333 అసలు విలువకి చాలా దగ్గరగా ఉంది కదా అని మీరు అడగొచ్చు. అది కాకతాళీయం. నిష్పత్తి పాడైన వరసని జవాబు అందంగా ఉందని తీసుకోకూడదు, ఎందుకంటే నిజమైన పనిలో అసలు విలువ మన దగ్గర ఉండదు.

ఎక్కడ ఆగాలో కూడా ఇలాగే తెలుస్తుంది. h = 0.2 దగ్గర రౌండింగ్ హద్దు 0.000005/0.2 = 0.000025. మన చివరి సవరణ 0.0000044, అంటే ఆ హద్దు కన్నా చిన్నది. ఇక్కడ ఆగిపోవాలి. h = 0.1 వరస కలిపినా R₂ మళ్లీ 0.3333253 గానే వస్తుంది, ఏమీ మెరుగవదు. పైగా రౌండింగ్ హద్దు రెట్టింపవుతుంది.

రిచర్డ్‌సన్ రౌండింగ్‌ని తగ్గించదు, కొంచెం పెంచుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. మన R₂ ని విప్పి రాస్తే (64·D(0.2) − 20·D(0.4) + D(0.8)) / 45. ప్రతి D కి దాని రౌండింగ్ హద్దు పెట్టి, గుర్తులన్నీ మనకి వ్యతిరేకంగా ఉన్నాయనుకుని కలిపితే దాదాపు 0.00004 వస్తుంది. D(0.2) ఒక్కదానికి ఉన్న 0.000025 కన్నా ఇది ఎక్కువే. అయినా లాభం ఎందుకంటే, h ని పెద్దగా ఉంచి కూడా ఫార్ములా దోషాన్ని దాదాపు సున్నా చేశాం. మొత్తం మీద హామీ 0.00013 నుంచి 0.00004 కి, అంటే మూడో వంతుకి తగ్గింది. మీకు వచ్చిన 0.000008 తేడా ఈ హామీ కన్నా బాగుంది. అందులో కొంత అదృష్టం ఉంది.

నిష్పత్తి 4 కి బదులు 2 వస్తే? రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది, మీరు ఫార్వర్డ్ డిఫరెన్స్ వాడారేమో చూడండి. అందులో h పదం కూడా ఉంటుంది, కాబట్టి నిష్పత్తి 2. అప్పుడు సవరణ 2D(h/2) − D(h). అక్కడ 4, 3 వాడితే తప్పు.

రెండోది ఫంక్షన్‌లోనే మెలిక. మా సివిల్ విద్యార్థి ఒకరు బీమ్ బెండింగ్ మొమెంట్ విలువల నుంచి షియర్ ఫోర్స్ కట్టి తెచ్చారు. తీసుకున్న బిందువు సరిగ్గా డిస్ట్రిబ్యూటెడ్ లోడ్ మొదలయ్యే చోటు. ఆ చోట మొమెంట్ తెగదు, షియర్ తెగదు, కానీ మొమెంట్ రెండో డెరివేటివ్ ఒక్కసారిగా మారిపోతుంది. మన టేలర్ లెక్క మొత్తం ఆ డెరివేటివ్‌లు సాఫీగా ఉన్నాయన్న నమ్మకం మీదే నిలబడింది.

గుండ్రటి అంకెలతో చూపిస్తాను. ఆ బిందువు దగ్గర షియర్ 30 kN, కుడివైపు లోడ్ 12 kN/m అనుకోండి. సెంట్రల్ డిఫరెన్స్ 30 − 3h అవుతుంది. h = 0.8, 0.4, 0.2 మీటర్లకి 27.6, 28.8, 29.4. తేడాలు 1.2, 0.6. నిష్పత్తి కచ్చితంగా 2. ఇది చూడకుండా 4, 3 సవరణ పెడితే 29.2, 29.6 వస్తాయి. చూడ్డానికి మెరుగ్గానే ఉన్నాయి, అందుకే మోసపోతాం. నిష్పత్తిని గౌరవించి 2 × 29.4 − 28.8 కడితే 30 నేరుగా వస్తుంది. అయితే కారణం తెలిశాకే ఆ 2 వాడండి. నిష్పత్తి 2.7, 3.3 లాంటి ఎటూ కాని సంఖ్య అయితే ముందు ఫంక్షన్‌ని గ్రాఫ్ గీసి చూడండి.

కొలిచిన డేటాకి మాత్రం ఇది వాడొద్దు. మన జిల్లాల్లో ప్రాజెక్టులకి నాగావళి, వంశధార నీటిమట్టాలు తీసుకుని, మట్టం గంటకి ఎంత పెరుగుతోందో కట్టేవాళ్లు ఉంటారు. స్కేలు మీద సెంటీమీటరు వరకే చదివితే ప్రతి రీడింగ్‌లో అర సెంటీమీటరు దాకా దోషం. గంట, రెండు గంటల తేడాలతో ఒక్క రిచర్డ్‌సన్ సవరణ చేస్తే రౌండింగ్ హద్దు గంటకి 0.5 సెం.మీ. నుంచి 0.75 సెం.మీ. కి పెరుగుతుంది. అలలు, చదివే మనిషి మారడం దీనికి అదనం. అక్కడ ఫార్ములా దోషం అసలు సమస్యే కాదు. కొన్ని రీడింగ్‌ల గుండా ఒక సాఫీ వక్రాన్ని పోనిచ్చి, దాని వాలు తీసుకోవడం నయం.

ఈ పద్ధతికి పేరిచ్చిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1911లో ప్రచురించిన వ్యాసంలో రాతి ఆనకట్టలోని ఒత్తిళ్ల మీద ఇలాంటి లెక్కలు చేశారు. యంత్రం లేని రోజుల్లో గళ్లు సన్నం చేయడమంటే ఎంతో శ్రమ. ముతక గళ్ల నుంచే ఎక్కువ అంకెలు పిండుకోవాల్సిన అవసరం వాళ్లది. ఐదు దశాంశాల టేబుల్‌తో మీ పరిస్థితీ అదే.

కంప్యూటర్ ల్యాబ్‌లో సరిచూసుకోవడానికి చిన్న ప్రోగ్రామ్. పై మొదటి పట్టిక దీనితో వస్తుంది:

```python
from math import log

def richardson(f, x, h, n):
    R = []
    for i in range(n):
        row = [(f(x + h) - f(x - h)) / (2*h)]
        for j in range(i):
            p = 4**(j + 1)
            row.append((p*row[j] - R[i-1][j]) / (p - 1))
        R.append(row)
        h = h / 2
    return R

for row in richardson(log, 3.0, 0.8, 4):
    print(*["%.9f" % v for v in row])
```

`log` బదులు `lambda t: round(log(t), 5)` పెడితే మీ ఐదు దశాంశాల పట్టిక వస్తుంది. 4 బదులు 6 పెట్టి నడిపి, మొదటి నిలువు వరస నిష్పత్తులు ఎక్కడ చెడుతున్నాయో మీరే చూడండి. మొదటి h పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త: x − h సున్నాకి దగ్గర పడకూడదు. ln కి సున్నా దగ్గర శ్రేణి పనిచేయదు. x = 3 కి 0.8 ఇబ్బంది లేదు, 2.9 పెడితే పట్టిక పనికిరాదు.

రికార్డులో మూడు వరసల పట్టిక, దాని పక్కన నిష్పత్తి 4.13, కింద రౌండింగ్ హద్దు 0.00004 రాయండి. జవాబు 0.3333253 అని రాయకండి. ఆ హద్దుతో ఐదో దశాంశానికి హామీ లేదు కాబట్టి 0.3333 అని రాసి ఆపండి.